తిప్పి పట్టుకుంటే సరిపోయిన కాయితం

ఏడో తరగతికి శరీర వ్యవస్థల పాఠం అయిపోయినంక నేను ప్రశ్నలు, జవాబులు రాయించ. పజిల్ ఇస్త. దీని మీద మా స్టాఫ్‌రూంల నాతోని కొట్లాడని మనిషి లేడు. "ఏం మేడం, ఆదివారం పేపర్ల వచ్చే గళ్ల ఆట బడిల ఆడిపిస్తున్నరా?" అని హెడ్మాస్టర్ ఒకసారి ఎకసెక్కమాడిండు. "సార్, మీరు చిన్నప్పుడు బట్టీ పట్టిన సైన్సు జవాబు ఒక్కటంటే ఒక్కటి ఇప్పుడు అప్పజెప్పుండ్రి, గళ్ల ఆట బంద్ పెడ్త," అన్న. ఆయన చెప్పలే. నేను బంద్ పెట్టలే.

అప్పుడు నేను నకిరేకల్‌ల కిరాయికి ఉంటుంటి. బడి కేతేపల్లి దాటినంక రోడ్డు దిగి లోపలికి పోతే వచ్చే ఊర్ల. సగం ఊరు వ్యవసాయం, సగం మగ్గం. తెలంగాణ వచ్చి ఎక్కువ రోజులు కాలే. బోర్డు మీద రాష్ట్రం పేరు మార్చి రాసిన రంగు ఇంకా కొత్తగనే మెరుస్తుండె.

నా పజిల్ మూడు కాయితాలు. మొదటిది గడినుడి. గడికి ఒక అక్షరం, ఒత్తు ఉన్నా దీర్ఘం ఉన్నా ఒక్క గడే. 'జఠరిక' అడ్డం పెడితే దాని 'రి' మీదికెళ్లి 'ఊపిరితిత్తులు' నిలువుగ దిగుతది, చివరి 'క' పట్టుకొని 'కర్ణిక' కిందికి పోతది. ఒక మాట తప్పు రాస్తే దాన్ని కోసే మాట కుదరదు. నేను ఎర్రపెన్ను పట్టక ముందే గళ్లే పిల్లగాండ్లకు చెప్తయి, బిడ్డా నువ్వు తప్పినవ్ అని. మా పిల్లలకు లోపలి అవయవాలు తెల్వక కాదు, మటన్ కొట్టు భాషల తెలుసు. 'కాలేయం' రాయమంటే 'కార్జం' అని రాస్తరు. 'కా' సరిపోతది, ఇగ గెలిచినమనుకుంటరు. మూడు గళ్లల్ల ఒకటి ఖాళీగ మిగిలిపోతది. అప్పుడు నెత్తి గోక్కుంటరు. ఆ గోక్కునుడు చూస్తే నాకు కడుపు నిండుతది.

రెండో కాయితం గడినుడి జవాబులతోని ముడిపెట్టిన మనిషి బొమ్మ. ఉత్త గీత, మొహం లేదు, లోపల ఏం లేదు. గడినుడిల ఏ నంబరుకు ఏ అవయవం వచ్చిందో, ఆ నంబరు ఆ బొమ్మల ఆ జాగల రాయాలె. మూడోది అక్షరాల కుప్పల దాగిన మాటలు వెతికి సున్న చుట్టేది. అది మరునాటి ముచ్చట.

ఇవి ఇచ్చే ముందు ఒక పని చేపిస్త. నేను ఆధారం చదువుత, పిల్లలు జవాబు అరుస్తరు, అరిచినోళ్లు వాళ్ల ఒంటి మీద ఆ జాగల చెయ్యి పెట్టుకోవాలె. నోటికి వచ్చింది ఒంటికి తెల్వాలె గద.

దీంట్ల ఒక తిరకాసు ఉంటది, ఎదురుగ నిలబడి చెప్పే పంతుళ్లందరికి తెలుసు. నేను పిల్లల దిక్కు తిరిగి నా ఎడమ రొమ్ము మీద చెయ్యి పెడితే, వాళ్లకు అది వాళ్ల కుడి దిక్కున కనపడ్తది. ప్రతి ఏడాది ఇద్దరు ముగ్గురు కుడిదిక్కు పట్టుకొని "గుండె!" అంటరు. అందుకని నేను వాళ్లకు వీపు పెట్టి, బోర్డు దిక్కు తిరిగి చేస్త. వెనకకు తిరిగి చూసేసరికి అందరి చేతులు ఎడమకు వచ్చి ఉంటయి.

ఆ ఏడు ఒక్కదానిది రాలే.

కిటికీ పక్కన కూసునే పిల్ల. మగ్గం ఇంటిది. సన్నంగ, రంగు తక్కువ, రెండు జడలు ఎప్పుడూ బిగిచ్చి కట్టి ఉంటయి. నోరు తెరిస్తే తెలివి కనపడేది, కాని తెరిచేది కాదు. అందరి చేతులు ఎడమ దిక్కున ఉంటే, దానిది ఒక్కటే కుడి దిక్కున, రొమ్ము మీద ఆనిచ్చి ఉన్నది. నవ్వుతలేదు. ఆట ఆడుతలేదు. తలుపు అవతల ఎవరో ఉన్నరా అని వినేటోళ్లు ఎట్ల పెడ్తరో గట్ల పెట్టింది చెయ్యి.

"అగో, నీ గుండె పక్కింటికి పోయిందా?" అన్న. క్లాసంత నవ్విండ్రు.

పిల్ల చెయ్యి తియ్యలే. "లేదు మేడం. గీడనే ఉన్నది," అన్నది.

"ఎడమ ఏది? అన్నం తినని చెయ్యి ఏది?"

ఎడమ చెయ్యి లేపి చూపెట్టింది. ఆ తెలివి ఉన్నది. కుడి చెయ్యి మాత్రం అక్కడనే ఉన్నది.

"కాలేయం?" అన్న, పరీక్ష పెడ్దామని. అందరు కుడి పక్కటెముకల కింద పట్టుకున్నరు. ఇది ఎడమ పక్కన పట్టుకున్నది. జీర్ణాశయం అన్న. అందరు ఎడమకు, ఇది కుడికి. ఎవరో నీళ్ల ఒడ్డుకు నిలబడితే, నీళ్లల్ల వాళ్ల నీడ వేరే దిక్కు కదిలినట్టు ఉండె. నాకు ఊరికే మెడ మీద చల్లగ తగిలింది. గాలి కూడ లేదు ఆనాడు, ఫ్యాన్ తిరుగుతలేదు, కరెంటు లేదు.

"సరే, కాయితం మీద చూద్దాం," అన్న.

మధ్యాహ్నం అన్నాలు తిన్నంక స్టాఫ్‌రూంల కాయితాలు దిద్దుతుంటే దానిది వచ్చింది. గడినుడి మొత్తం కరెక్టు. ఒక్క గడి ఖాళీ లేదు, ఒక్క ఒత్తు తప్పు లేదు. 'ఉండుకం' కూడ రాసింది, చానామందికి రానిది, పెద్దపేగు మొదలు దగ్గర తోక లెక్క వేలాడేది, డాక్టర్లు అపెండిక్స్ అనేది. కాని నేను రాసిన ఆధారాలను ఇది దిద్దింది! "ఛాతీలో కొంచెం ఎడమవైపుకు ఒరిగి ఉండేది" అని నేను రాస్తే, 'ఎడమ' మీద స్కేలు పెట్టి గీత కొట్టి పైన 'కుడి' అని రాసింది. కాలేయం దగ్గర 'కుడి' కొట్టేసి 'ఎడమ'. జీర్ణాశయం దగ్గర, ఉండుకం దగ్గర గట్లనే. నా ఆధారాలను నాకే దిద్ది ఇచ్చిన పిల్ల అంతకుముందు లేదు, ఆ తర్వాత రాలే.

బొమ్మ చూసిన. ఒక్క నంబరు సరిగ్గ లేదు. నేను ఎర్రపెన్ను తీసిన, ఇంటు మార్కు పెట్టబోయిన, ఆగిన. తప్పులు చేసే పిల్లలను చానా మందిని చూసిన. తప్పు ఎప్పుడూ అడ్డదిడ్డంగ ఉంటది. నాలుగు తప్పితే మూడు గురి తగుల్తయి. ఇది అట్ల లేదు. గురి చూసి తప్పినట్టున్నది.

నాకు ఒక అనుమానం వచ్చింది. జిరాక్సు కాయితం పలుచన. కిటికీ దగ్గరికి పోయి, కాయితాన్ని వెనకకు తిప్పి వెలుతురుకు పట్టుకున్న. వెనకకెళ్లి మసకగ కనపడే నంబర్లన్నీ వాటి వాటి జాగలల్ల కూసున్నయి. గుండె గుండె దగ్గర. కాలేయం కాలేయం దగ్గర. ఉండుకం కింద కుడి మూలకు. మా పుస్తకంల బొమ్మ మీద పరిచినట్టు.

"దొరికినవు పో," అనుకున్న. పక్క పిల్ల కాయితాన్ని వెనకనుంచి చూసి ఎక్కించుకున్నది, అంతే. ఉషారుతనం చేసింది. నాకు మస్తు సంబురమైంది, నిజం చెప్తున్న. ఏ కిటుకైనా పట్టుకుంటే నాకు గట్లనే ఉంటది.

పిలిపిచ్చిన. "ఎవరి కాయితం చూసినవే?"

"ఎవ్వరిది చూడలే మేడం."

"చూడకపోతే అన్నీ ఉల్టా ఎట్ల వచ్చినయి? ఒకటి రెండు కాదు, మొత్తం!"

అది నా మొహం దిక్కు చూసింది. చిన్న పిల్ల పెద్దమనిషిని చూసి జాలి పడ్డట్టు చూసింది. "గుండె గిటు దిక్కున్నది గద మేడం. మీరే చెప్పిండ్రు, లోపల ఒకదాని పక్కన ఒకటి సర్దుకొని ఉంటయని. గుండె గిటు వస్తే కడమవి అన్నీ గటు జరగాలె గద. నేను జరిపిన."

వాదనల నాతోని గెలిచినోళ్లు తక్కువ. ఇది గెలిచింది. దాని లెక్క కూడ పూర్తిగ కరెక్టు కాదు, గుండె ఒక్కటే కుడికి ఉండి మిగిలినవి ఎక్కడియి అక్కడ ఉన్న మనుషులు కూడ ఉంటరు. కాని ఆ మాట అప్పుడు నా నోటికి రాలే.

ల్యాబు అని పేరు పెట్టిన అర్రల ఒక బీరువ, ఒక బెంచి ఉండె. పిల్లను అండ్లకు తోలుకపోయి తలుపు దగ్గరికేసిన. గుండె చప్పుడు వినే సాధనం నేనే చేసి పెట్టుకున్న, గ్యాసునూనె పోసే గరాటుకు రబ్బరు గొట్టం తొడిగి. గరాటు దాని అంగీ మీద ఎడమ దిక్కున ఆనిచ్చి, గొట్టం చెవుల పెట్టుకున్న.

ఏం వినపడలే.

గట్ల ఏం వినపడకుండ ఉండదు. ఊపిరి తీసుకునేది వినపడ్డది, సముద్రం దూరం ఉన్నట్టు. దాని వెనక ఏం లేదు. నేను ఆ చప్పుడు కోసం ఎన్ని వందల పిల్లల మీద గరాటు పెట్టి ఉంటనో, ఎప్పుడూ అక్కడ ఎవరో ఒకరు ఇంట్ల ఉంటరు. ఇక్కడ ఇల్లు ఉన్నది, దీపం ఉన్నది, మనిషి లేడు. పిల్ల నా దిక్కు చూస్తున్నది, కండ్లు ఆర్పుతున్నది, పెదవులు తడుపుకుంటున్నది. బతికున్న పిల్ల. నా చెవుల మాత్రం ఉత్త గాలి.

"గక్కడ లేదు మేడం," అన్నది మెల్లగ, నాకు ఓదార్పు చెప్పినట్టు. నా చెయ్యి పట్టుకొని గరాటును కుడి దిక్కుకు జరిపింది.

టక్ టక్, టక్ టక్. ఎంత దగ్గర! ఎవరో నా చెవి కాడ నిలబడి పిలిచినట్టు.

నేను గొట్టం తీసేసిన. కాలేజీల ఈ ముచ్చట చదివిన. లక్షణం పేరు చదివిన, పరీక్షల రాసిన, మార్కులు తెచ్చుకున్న. పుస్తకంల ఒక వాక్యం అది. ఆ వాక్యం జడలు వేసుకొని ముంగట నిలబడి, వెచ్చగ ఊపిరి ఇడుస్తదని నాకు ఎవ్వరు చెప్పలే.

"ఇంట్ల తెలుసా?"

"అవ్వకు తెలుసు. ఎవ్వరికి చెప్పద్దన్నది. బాపుకు గూడ." కొంచెం ఆగి, "నేను చెప్పలే మేడం. రాసిన అంతే," అన్నది.

మరునాడు అవ్వను తోలుకరమ్మన్న. వచ్చింది ముసలామె, చేతులకు రంగు అంటి వేళ్ల సందుల ఎర్రగ నల్లగ ఉండె, రంగుల ముంచే ముందు నూలును దారంతోని బిగించి ముడులు వేసే, చిటికి కట్టే చేతులు. బెంచి మీద కూసోమంటే కూసోలే.

"ఏం పంతులమ్మా, మా పిల్ల మీద చెయ్యేసి చూసినవట?"

"గరాటు పెట్టి చూసిన అవ్వా. గుండె కుడి దిక్కు ఉన్నది. దీనికి భయం లేదు, చానామంది గట్లనే మంచిగ బతుకుతరు. కాని డాక్టర్‌కు ఒకసారి చూపెట్టాలె, రాపిచ్చి పెట్టుకోవాలె. రేపు ఏమన్న అయితే..."

"ఏం గాదు." గోడకు కొట్టినట్టు అన్నది. "బిడ్డ పుట్టిన పదొద్దులకే నాకు ఎర్కైంది. నా చెంప ఆనిచ్చి పండవెట్టుకుంటే గిటు దిక్కు కొట్టుకుంటుండె. దీని తల్లి, పోయిన నా కోడలు, కడుపుతోని ఉన్నప్పుడు గ్రహణం నాడు వద్దంటే మగ్గం మీద కూసున్నది. నేనే చూసిన. పోగు అటుది ఇటు దాటింది, లోపల పిల్ల అటుది ఇటు దాటింది."

"గ్రహణానికి గుండె జరగదు అవ్వా!"

"నువ్వు జరిపినవా మరి? దేవుడు జరిపిండా? ఎవరు జరిపిండ్రో నువ్వు చెప్పు!"

నేను చెప్పిన, కడుపుల పిండం ఏర్పడేటప్పుడే కుడి ఎడమలు తీరుపడ్తయని, ఎవరి తప్పు కాదని. ఆమె వినకుంట నా వెనకున్న గోడ దిక్కు చూసింది. అక్కడ అవయవాల చార్టు ఉండె. దానికి అద్దం ఉండె, అద్దంల మా ఇద్దరి మొహాలు, వాటి వెనక చార్టుల పేగులు. ఆమె కండ్లు దించుకున్నది.

"దీనికి లగ్గం గావాలె పంతులమ్మా. ఉల్టా గుండె పిల్ల అని ఒక్కడు అన్నడనుకో, ఊరంత అంటది. దయ్యం తిప్పిందంటరు. నువ్వు బస్సెక్కి పోతవ్. మేం గీడనే ఉండాలె. మాటియ్యి, ఎవ్వరికి చెప్పనని."

"చూద్దాం," అన్న. నేను మాట ఇయ్యలే. ఆ తేడా నాకు అప్పుడు కూడ తెలుసు, ఆమెకు కూడ తెలుసు. అందుకే పోయేటప్పుడు చెప్పులు గట్టిగ ఈడ్చుకుంట పోయింది.

ఆనాటి నుంచి నాకు ఒక పాడు అలవాటు మొదలైంది. అద్దం ముంగట తల దువ్వుకుంటే, అద్దంల ఆడమనిషి గుండె ఏ దిక్కున్నదో అనిపించేది. నా ఎడమ దాని కుడి. నేను దువ్వెన పెట్టేసి ఎడమ రొమ్ము మీద చెయ్యి పెట్టుకునేదాన్ని. ఉన్నది. ఉన్నదని తెలుసు. అయినా పెట్టుకునేదాన్ని. బస్సుల పక్కన కూసున్న మనుషుల అంగీల దిక్కు చూసేదాన్ని, ఈయనకు ఎటున్నదో అని. బడిల మూడో కాయితం, దాగిన మాటలది, ఇచ్చుడు రెండు సార్లు వాయిదా వేసిన. అక్షరాల కుప్పల ఏదో నేను పెట్టని మాట దొరుకుతదేమో అన్నట్టు ఉండె. పిచ్చి.

చివరికి ఇచ్చిననాడు పిల్ల రాలే. కిటికీ పక్కన జాగ ఖాళీ. దాని పక్క పిల్లను అడిగితే, "నిన్నటిసంది కడుపు నొప్పి మేడం. మొదలు బొడ్డు చుట్టు నొచ్చింది, ఇప్పుడు ఒక్క దిక్కే గుంజుతున్నదంట. కక్కుతున్నది. ఆర్‌ఎంపీ సూది ఇచ్చిండు, తగ్గలే. నకిరేకల్ దవాఖానకు తోలుకపోయిండ్రు," అన్నది.

"ఏ దిక్కు నొప్పి?"

ఆ పిల్ల తన పొట్ట మీద చూపెట్టబోయి ఆగింది. ఇంకొకరి నొప్పి మన ఒంటి మీద చూపెట్టుకోవద్దని ఇంట్ల చెప్తరు గద. బోర్డు కాడికి పోయి నేను గీసిన మనిషి బొమ్మ మీద పెట్టింది వేలు. బొమ్మ ఎడమ దిక్కు, కింద మూలకు.

అదే జాగల, నొప్పి వచ్చిన పిల్ల కాయితం మీద, 'ఉండుకం' నంబరు ఉన్నది.

సెలవు చీటీ రాసిన్నో లేదో గుర్తు లేదు. ఆటోల పోయిన. దారంత నాకు నేనే వాదించుకుంట పోయిన: గుండె ఒక్కటే తిరిగి ఉంటే ఉండుకం కుడికే ఉంటది, ఎడమ నొప్పికి ఇంకేదో కారణం ఉంటది. అన్నీ తిరిగి ఉంటే? పిల్ల వట్టి లెక్కతోని జరిపిన నంబర్లు నిజమైతే? డాక్టర్లు అపెండిక్స్ కోసం కుడి దిక్కు ఒత్తి చూస్తరు. ఎడమ దిక్కు నొప్పి అంటే గ్యాస్ అంటరు, ఇంటికి పంపిస్తరు. అది లోపల పగులుతది.

ఇంటికి పంపుతనే ఉండిండ్రు. చిన్న నర్సింగ్‌హోం, కింద మందుల దుకాణం, పైన నాలుగు మంచాలు. పిల్ల మోకాళ్లు ముడుచుకొని పండుకొని ఉన్నది. పెదవులు ఎండి తెల్లగైనయి. బాపు మంచం పట్టె పట్టుకొని నిలబడ్డడు. అవ్వ నేల మీద కూసొని ఉన్నది, నన్ను చూసి తల తిప్పుకున్నది.

డాక్టర్ చిన్న వయసాయన, మర్యాదగలాయన. "భయం లేదు మేడం. నొప్పి ఎడమవైపు ఉంది కాబట్టి అపెండిక్స్ కాదు. సెలైన్ పెట్టాం. ఎక్స్‌రే కూడా తీయించాను, ఎక్కడా చిల్లు పడలేదు. పొద్దుగూకే లోపల తీసుకుపోవచ్చు."

దీపం పెట్టె మీద ఎక్స్‌రే వేలాడుతుండె. తెల్ల పక్కటెముకల నడుమ గుండె నీడ, ఎటు ఉండాల్నో అటే ఉన్నది. ఆ గరాటు, ఆ ఖాళీ, అంతా నేను కల్పించుకున్ననా? నాకు మతి తప్పిందా?

అప్పుడు మూలకు చూసిన. ఎక్స్‌రే తీసేటప్పుడు ఎడమ పక్కకు గుర్తుగ 'ఎల్' అని సీసం అక్షరం పెడ్తరు. ఆ అక్షరం ఉన్నది. కాని దాని కాలు వేరే దిక్కు తిరిగి ఉన్నది. అద్దంల లెక్క.

"సార్, ఇది ఉల్టా పెట్టిండ్రు."

ఆయన నవ్విండు. "లేదు మేడం, ఉల్టా పెట్టింది మా ఎక్స్‌రే అబ్బాయి. గుండె అటువైపు వచ్చేట్టు వేలాడదీశాడు. నేనే తిప్పి సరిగ్గా పెట్టాను. రోజూ ఇదే గొడవ."

తిప్పి సరిగ్గ పెట్టిండు. నేను కిటికీకి పట్టుకున్నట్టు.

"సార్, మీరు తిప్పకముందే అది సరిగ్గ ఉన్నది. నేను కూడ గిదే చేసిన, ఈ పిల్ల కాయితం తోని. తిప్పి పట్టుకుంటే అన్నీ సరిపోతయి. మనకు సరిపోతయి. పిల్లకు కాదు!"

"ఏమంటున్నారు మేడం?"

నేను అవ్వ దిక్కు చూసిన. ఆమె చేతులెత్తి దండం పెట్టింది, వద్దని. ఆమెకు లగ్గం కనపడుతున్నది, నాకు ఉండుకం కనపడుతున్నది.

"ఈ పిల్ల గుండె కుడి దిక్కు ఉన్నది. నేను విన్న. ఈ అవ్వకు పుట్టినప్పటిసంది తెలుసు."

"నీ నోరు పడిపోను!" అని అవ్వ కేక పెట్టింది. బాపు ఆమె దిక్కు, నా దిక్కు, పిల్ల దిక్కు చూసిండు. కన్న బిడ్డను మొదటిసారి చూస్తున్నట్టు చూసిండు.

డాక్టర్‌కు నా మీద కోపం వచ్చింది, కనపడ్డది. ఎక్కడి నుంచో వచ్చిన పంతులమ్మ. అయినా స్టెతస్కోపు తీసిండు. ఎడమ దిక్కు పెట్టిండు. విన్నడు. కొంచెం జరిపి మళ్ల విన్నడు. కింద మందుల దుకాణంల ఫోను మోగి ఆగింది. ఆయన మొహంల కోపం పోయి, దాని జాగల ఏదో వచ్చింది. నాకు తెలుసు అది ఏందో. ఇల్లున్నది, దీపమున్నది, మనిషి లేడు.

పిల్ల కండ్లు తెరిచింది. సెలైన్ పెట్టని చెయ్యితోని స్టెతస్కోపును పట్టుకొని కుడి దిక్కుకు జరిపింది. నాకు జరిపినట్టే.

ఆయన గొట్టాలు చెవులకెళ్లి తీసిండు. గబగబ లేచి స్కాన్ మిషన్ గుంజుకొచ్చిండు. కాలేయం ఎడమ దిక్కు ఉండె. పొట్ట కింద, ఎడమ మూలకు, వాచి లావైన తోక ఉండె. "ఇంకొంచెం ఆగితే పగిలేది," అని మాత్రం అన్నడు. నల్లగొండకు తోల్కపోయే బండి ఆయనే పిలిచిండు, ముందు అక్కడి సర్జన్‌కు ఫోన్ చేసి, 'అన్నీ అటువి ఇటు ఉన్నయి, ఎడమ దిక్కు కోయాలె' అని రెండు సార్లు చెప్పిండు. ఎక్స్‌రే మళ్ల తిప్పి, ఎట్లున్నదో గట్ల, కవర్ల పెట్టిచ్చిండు.

ఆపరేషన్ మంచిగ అయింది. మూడో రోజు నేను నల్లగొండకు పోయి చూసిన. పిల్ల గోడకు ఆని కూసున్నది, బన్ను తింటున్నది. నా చేతిల కాయితం చూసి నవ్వింది, ముచ్చటగ. నేను తెచ్చింది దాని పజిల్.

"మార్కులు వేసిండ్రా మేడం?"

"గడినుడికి ఫుల్లు. బొమ్మకు సున్న."

"ఎందుకు మేడం! డాక్టర్ గూడ కరెక్టే అన్నడు గద!"

"బొమ్మ నీది కాదు పిల్లా, పుస్తకంల మనిషిది. పరీక్షల పుస్తకంల మనిషి గుండె రాయాలె. నీ గుండె ఎక్కడున్నదో డాక్టర్‌కు చెప్పాలె, ఏ డాక్టర్ దగ్గరికి పోయినా, నోరు తెరవక ముందే. తెలిసిందా?"

"తెలిసింది," అని, పెన్ను అడుక్కొని బొమ్మ కింద 'ఇది నేను' అని రాసింది. ఇగ నేను సున్న కొట్టేయక తప్పలే.

అవ్వ వరండల ఉండె. నన్ను చూసి తన కొంగు తీసి నా ముంగట పరిచింది, తను చిటికి కట్టిన చీర. ఎదురు మళ్లేసింది, వెనక మళ్లేసింది. రెండు దిక్కుల ఒకటే పువ్వు, ఒకటే రంగు.

"దీనికి ఎదురు లేదు, ఎనక లేదు పంతులమ్మా," అన్నది. "ఎటు కట్టినా చీరే." అదే క్షమాపణ, అదే తిట్టు, నేను రెండూ తీసుకున్న. లగ్గం సంగతి ఎత్తలే. ఊరికి మాత్రం ఎట్లనో తెలిసింది. దయ్యం అన్నోళ్లు అన్నరు. అన్నోళ్ల ఇండ్లకు పోయి నేను కొట్లాడిన, ఆ పని నాకు మంచిగ వస్తది.

ఇప్పుడు వేరే బడిల ఉన్న, మహబూబ్‌నగర్ దిక్కు. అదే పాఠం, అదే గడినుడి, కార్జం రాసే పిల్లలు ఇక్కడ గూడ ఉన్నరు. ఒకటే మార్చిన. కాయితాలు పంచక ముందు గరాటు పట్టుకొని ఒక్కొక్క పిల్ల దగ్గరికి పోత. పోరగాండ్లకైతే పీఈటీ సార్ పెడ్తడు. క్లాసును సప్పుడు చెయ్యొద్దంట. మొదటి క్షణం ఎప్పుడూ ఏం వినపడదు, గరాటు సరిగ్గ ఆనే దాకా. ఆ క్షణంల ఎదురుగ నిలబడ్డ పిల్ల నా మొహంలకు చూస్తుంటది, మా టీచర్‌కు ఏమైంది అన్నట్టు. నేను కదల. చెవుల ఉత్త గాలి. ఎవరన్న వచ్చి నా చెయ్యి పట్టుకొని పక్కకు జరుపుతరేమో అని చూస్త.

తర్వాత టక్ టక్ అని వస్తది. అప్పుడు కాయితం ఇస్త.